తెలియనిదానికి ఎన్ని రోజులు?

ఒక పల్లెటూళ్లో పాల సేకరణ కేంద్రం ఉందనుకుందాం. రెండు పూటలా రెండు వందల మంది రైతులు పాలు పోస్తారు. పాలు కొలిచాక కొంచెం శాంపిల్ తీసి మిల్క్ ఎనలైజర్‌లో పెడితే అది వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ చూపిస్తుంది. గుమాస్తా ఆ అంకెలు పుస్తకంలో ఎక్కించి, రేటు చార్టు చూసి డబ్బు లెక్కకట్టి, చీటీ ఇస్తాడు. పది రోజులకోసారి బిల్లు. బిల్లు రోజున ‘మొన్న సాయంత్రం నాకు ఫ్యాట్ తక్కువ రాశావు’ అనే గొడవ ఎవరో ఒకరు పెట్టుకుంటూనే ఉంటారు.

కేంద్రం నడిపే పెద్దమనిషి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ టీమ్ దగ్గరికొచ్చాడు. “మిషన్‌లో వచ్చిన అంకె గుమాస్తా చెయ్యి పడకుండా నేరుగా యాప్‌లోకి రావాలండీ. రైతు క్యాన్ పట్టుకుని ఇంటికెళ్లేలోపు ఫోన్లో తెలుగులో మెసేజ్ పడాలి. ఎన్ని రోజుల్లో ఇస్తారు?” అన్నాడు.

టీమ్‌లో ఎవరికీ తెలియదు. ఆ ఎనలైజర్‌ని వాళ్లు చూడనే లేదు. అయినా తెలియదు అని కస్టమర్‌తో అనడం మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఆనవాయితీ కాదు. అందుకని తలా ఒక అంకె చెబుతారు, మేనేజర్ దాన్ని రెట్టింపు చేసి ‘ఇరవై రోజులు సార్’ అంటాడు. పద్దెనిమిదో రోజున కేబుల్ పెట్టి చూస్తే ఆ మిషన్ నుంచి డేటా బయటికి రాదని తేలుతుంది. లేదా అంతా చక్కగా పనిచేసి, మెసేజ్ వెళ్లే ఫోన్ నంబర్ పాలు పోసే ఆవిడది కాదని, హైదరాబాద్‌లో ఉంటున్న కొడుకుదని తెలుస్తుంది.

ఈ రెండూ తెలియనితనాలే గానీ ఒక రకానివి కావు. మొదటిది, చేయగలమా లేదా అన్నది. రెండోది, చేస్తే ఎవరికైనా పనికొస్తుందా అన్నది. మొదటి ప్రశ్నకు అజైల్ పద్ధతిలో పనిచేసేవాళ్లు వాడే సాధనం స్పైక్. రెండోదానికి ఎంవీపీ, అంటే మినిమమ్ వయబుల్ ప్రొడక్ట్. రెండూ హద్దు దాటకుండా కాచేది టైమ్‌బాక్స్. ఒకదాని పని ఇంకొకదానితో చేయించబోవడమే నేను చూసినంతలో ఎక్కువ ప్రాజెక్టులు బోల్తాపడే చోటు. రైతుకు మెసేజ్ కావాలా వద్దా అన్నది ఎన్ని రోజులు కోడ్ రాసినా తేలదు. మిషన్ నుంచి డేటా వస్తుందా రాదా అన్నది ఎంతమంది రైతుల్ని అడిగినా తేలదు.

స్పైక్ అనే పద్ధతి 1990లలో అమెరికాలో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ వాళ్ల దగ్గర పుట్టింది. కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ వంటివాళ్లు దాన్ని వాడుకలోకి తెచ్చారు. మనకు అంతుబట్టని ఒకే ఒక్క సాంకేతిక సందేహాన్ని పట్టుకుని, అది తీరడానికి చాలినంత ప్రయోగం మాత్రమే చేసి, అక్కడితో ఆపేయడం దాని సారం. స్క్రీన్లు, లాగిన్, రంగులు ఏమీ ఉండవు. ప్రయోగం కోసం రాసిన కోడ్‌ని పారేస్తారు. మిగిలేది జవాబు.

పాల కేంద్రం సంగతిలో స్పైక్ ఎలా ఉండాలో చూద్దాం. ‘మిల్క్ ఎనలైజర్ అనుసంధానంపై అధ్యయనం’ అని కార్డు రాస్తే అది స్పైక్ కాదు, జీతంతో కూడిన సెలవు. అధ్యయనానికి అంతం ఉండదు. కార్డు ఇలా ఉండాలి: ‘ఈ కేంద్రంలో ఉన్న ఈ మోడల్ ఎనలైజర్ వెనకనున్న సీరియల్ పోర్టు నుంచి వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ అంకెలు మన ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోకి తెచ్చుకోగలమా? ఇరవై శాంపిళ్లు పెట్టి, మిషన్ తెర మీది అంకె, ట్యాబ్‌లోకి వచ్చిన అంకె ఒకటేనా అని చూడాలి. ఇద్దరు మనుషులు, రెండు రోజులు.’ దాని కింద ఇంకో వాక్యం తప్పనిసరి. ‘వస్తే ఆటోమేటిక్ ఎంట్రీ కడతాం, రాకపోతే గుమాస్తా అంకెలు కొట్టే స్క్రీన్ కడతాం.’ నా దృష్టిలో స్పైక్‌కి ప్రాణం ఈ రెండో వాక్యమే. జవాబు ఏదొచ్చినా మనం చేయబోయేది మారదనుకుంటే ఆ స్పైక్ అక్కర్లేదు.

ఇంకో మాట. కార్డు రాసేముందు ఆ మిషన్ తయారీదారుకు ఒక ఫోన్ కొట్టాలి. మాన్యువల్ తెప్పించుకుని చూస్తే డేటా ఏ వేగంతో వస్తుందో, ఏ వరసలో వస్తుందో అందులోనే రాసి ఉండవచ్చు. అరగంటలో తీరే సందేహానికి రెండు రోజుల స్పైక్ పెట్టడం ఇంజనీర్లకు సరదాగానే ఉంటుంది, డబ్బు కట్టేవాడికి ఉండదు.

సరే, ఇద్దరూ కేంద్రానికెళ్లారు. మొదటి పూటంతా సరైన కన్వర్టర్ కేబుల్ వెతుక్కోవడానికే పోయింది. మర్నాటికి అంకెలు రావడం మొదలైంది. ఇరవై శాంపిళ్లకు ఇరవై సరిపోయాయి. ఎగిరి గంతేయాల్సిందే. కానీ స్పైక్‌ని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసినవాళ్లకు ఇంకొకటి కనిపిస్తుంది. మిషన్ నుంచి వెన్న 6.5 అని వస్తుంది, అది ఎవరి పాలదో మాత్రం రాదు. మిషన్‌కి రైతు పేరు తెలియదు. వరసలో నిలబడ్డ ఇద్దరి శాంపిళ్లు ఒక్కసారి తారుమారైతే ఒకరి వెన్న ఇంకొకరి ఖాతాలో పడుతుంది. గుమాస్తా చేత్తో రాస్తున్నప్పుడు మొహం చూసి రాసేవాడు గనక ఈ సమస్య లేదు. ఇప్పుడు గొడవలు తగ్గించడానికి కట్టే యాప్ కొత్త గొడవలు తెచ్చే ప్రమాదం ఉంది. ఈ సంగతి పద్దెనిమిదో రోజున గాక రెండో రోజునే తెలిసింది. పరిష్కారం మాత్రం ఈ రెండు రోజుల్లో కనుక్కోనక్కర్లేదు. ‘శాంపిల్‌నీ రైతునీ ముడిపెట్టడం పెద్ద పని’ అని ఒక పేజీ నోట్‌లో రాసి పెడితే చాలు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ట్యాబ్ మీద అంకెలు పరుగెత్తడం చూసిన కేంద్రం పెద్దమనిషి “అయిపోయిందిగా, రేపట్నుంచి వాడేసుకుందాం” అంటాడు. ఆయన తప్పేం లేదు, పనిచేస్తున్న వస్తువు కళ్లెదుట కనపడుతోంది. కానీ అది కేబుల్ ఊడిపోతే ఏం చేయాలో తెలియని కోడ్, ఒకే రీడింగ్ రెండుసార్లు వస్తే రెండుసార్లు ఎక్కించే కోడ్. స్పైక్ కోడ్ దొడ్డిదారిన ప్రొడక్ట్‌లోకి దూరిందా లేదా అని పసిగట్టడానికి ఒక గుర్తు చెబుతాను. స్పైక్ అయ్యాక అసలు పనికి వేసిన అంచనాలో ‘ఆల్రెడీ సగం అయిపోయింది’ అన్న మాట వినిపిస్తే దూరినట్టే.

ఇప్పుడు రెండు రోజులు అన్న హద్దు సంగతి. పనికి గడువు పెట్టడం, కాలానికి హద్దు కట్టడం వేరువేరు. గడువులో పని స్థిరం, అది పూర్తయ్యేదాకా రాత్రుళ్లు కూర్చుంటారు. టైమ్‌బాక్స్‌లో కాలం స్థిరం, అందులో ఎంత తేలితే అంతే. 1980లలో డ్యూపాంట్ కంపెనీలో ఈ పద్ధతి వాడారు. 1991లో జేమ్స్ మార్టిన్ తన ర్యాపిడ్ అప్లికేషన్ డెవలప్‌మెంట్ పుస్తకంతో దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఇవాళ్టి స్క్రమ్‌లో స్ప్రింట్ నెల దాటకూడదనీ, రోజువారీ సమావేశం 15 నిమిషాలనీ ఉన్న నియమాలు టైమ్‌బాక్సులే.

బోరు వేయించినవాళ్లకు టైమ్‌బాక్స్ గురించి వేరే చెప్పక్కర్లేదు. మూడు వందల అడుగులకు నీళ్లు పడలేదు. ఇంత దూరం వచ్చాం కదా, ఇంకో యాభై వేద్దాం అనిపిస్తుంది. ఆ యాభై అయ్యాక మరో యాభై. ఇంజిన్ రొద పెడుతుండగా బోరు పక్కన నిలబడి తీసుకునే నిర్ణయం వేరు, ఇంట్లో కూర్చుని చేతిలో డబ్బెంతుందో చూసుకుని ముందే అనుకున్న అడుగుల లెక్క వేరు. స్పైక్‌లో ‘ఇంకొక్క రోజు సార్, దగ్గరికొచ్చేసింది’ అన్న మాట సరిగ్గా ఆ యాభై అడుగులే.

మరి రెండు రోజులైంది, జవాబు రాలేదు, అప్పుడేం చేయాలి? టీమ్‌లలో ఎక్కువగా తగువు పడేది దీని మీదే. హద్దు ముగిసిన క్షణం పని ఆగాలి. తేలింది ఏమిటి, తేలనిది ఏమిటి అన్నది ప్రొడక్ట్ ఓనర్ ముందు పెట్టాలి. ఆ ప్రొడక్ట్ కోసం ఏది ముందు, ఏది వెనక అని తేల్చే బాధ్యత ఆ మనిషిది. ఆయన లేదా ఆమె మరో రోజు ఇవ్వవచ్చు. కానీ అది పాత పని పొడిగింపుగా కాకుండా కొత్త ప్రశ్నతో కొత్త కార్డు కావాలి. ‘డేటా వస్తోంది గానీ చెత్త అక్షరాలు వస్తున్నాయి, వేగం సెట్టింగ్ మార్చి చూడటానికి అరపూట’ అంటే అందులో అర్థముంది. ‘ఇంకొంచెం చూస్తాం’ అంటే లేదు. రెండు రోజులు ఇద్దరు తలలు పట్టుకున్నా రాలేదంటే అది కూడా ఒక సమాచారమే. గుమాస్తా చేత్తో కొట్టే స్క్రీన్‌తో మొదలుపెట్టడం చౌక అని అది చెబుతోంది.

స్పైక్‌కి స్టోరీ పాయింట్లు వేయాలా అన్నది ఇంకో పాత తగువు. స్క్రమ్ గైడ్‌లో స్పైక్ అన్న మాటే లేదు, స్టోరీ పాయింట్లూ లేవు. కాబట్టి శాస్త్రప్రమాణం చూపించి ఎవరూ గెలవలేరు. నేనైతే వేయొద్దంటాను. పాయింట్లు పని ఎంత పెద్దదో చెప్పే అంచనా. స్పైక్ ఎంత పెద్దదో అంచనా వేయక్కర్లేదు, రెండు రోజులని మనమే నిర్ణయించాం. ఆ స్ప్రింట్‌లో ఇద్దరికీ రెండేసి రోజులు తక్కువున్నాయని లెక్క వేసుకుంటే సరిపోతుంది. స్పైక్‌నీ, దాని జవాబు మీద ఆధారపడ్డ అసలు పనినీ ఒకే స్ప్రింట్‌లో పెట్టడం మాత్రం నిజంగా చేటు చేస్తుంది. ప్రశ్న వేసి, జవాబు వినకుండానే మాటిచ్చినట్టవుతుంది. స్పైక్ ఒక స్ప్రింట్ ముందు నడవాలి.

మన సర్వీస్ కంపెనీల్లో ఇంకో చిక్కుంది. క్లయింట్ గంటల లెక్కన డబ్బు కడతాడు. ఇద్దరు మనుషులు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున ముప్పై రెండు గంటలు, చేతికొచ్చింది ఏమీ లేదు అంటే బిల్లు మీద ప్రశ్నలొస్తాయి. అందుకే చాలామంది స్పైక్‌ని వేరే పని పేరుతో దాచేస్తారు. దాచినదానికి హద్దు ఉండదు. దాచకుండా, ఆ ఒక పేజీ నోట్‌నే డెలివరీగా క్లయింట్ చేతిలో పెట్టి, దానివల్ల ఏ ఖర్చు తప్పిందో చెప్పడం మేలు.

ఇక మెసేజ్ సంగతికొద్దాం. ఇందులోనూ ఒక చిన్న స్పైక్ దాగుంది, అరపూట చాలు. ఇంగ్లిష్ ఎస్‌ఎంఎస్‌లో ఒకదానికి 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే మామూలుగా 70 మాత్రమే పడతాయి. ఆ 70 కూడా మన కంటికి కనపడే అక్షరాలు కావు. గుణింతం, వత్తు అన్నిటినీ ఫోన్ విడివిడిగా లెక్కపెడుతుంది. ‘వెంకటేశ్వర్లు’ మనకు అయిదక్షరాలు, ఫోన్‌కి పదమూడు. ఈ మెసేజ్ చూడండి: ‘నమస్కారం వెంకటేశ్వర్లు గారు, ఈ ఉదయం మీరు పోసిన పాలు 5.2 లీటర్లు, వెన్న 6.5 శాతం, మొత్తం రూ.286’. ఇందులో ‘వెన్న’ అన్న మాట ముగిసేసరికే 70 పూర్తవుతాయి. మొత్తం 94. అంటే ఫోన్‌లో ఒకటిగా కనిపించినా రెండు మెసేజ్‌ల డబ్బు. రెండు వందల మందికి రోజుకు రెండు పూటల చొప్పున నెలకు పన్నెండు వేల మెసేజ్‌లు అనుకున్నది ఇరవై నాలుగు వేలవుతుంది. మర్యాదలు తగ్గించి ‘ఉదయం పాలు 5.2 లీ, ఫ్యాట్ 6.5, రూ.286’ అంటే 36తో సరిపోతుంది. దీనికి తోడు మన దేశంలో వ్యాపార మెసేజ్‌లు పంపేవాళ్లు టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో సంస్థనీ, మెసేజ్ నమూనానీ ముందే నమోదు చేయించుకోవాలి. దానికి పట్టే రోజులు కోడ్ రాసేవాళ్ల చేతిలో ఉండవు.

ఇంత చేసేముందు అసలు ప్రశ్న ఒకటుంది. మెసేజ్ వస్తే బిల్లు రోజు గొడవలు తగ్గుతాయా?

ఎంవీపీ పని అదే. ఈ పేరు 2001లో ఫ్రాంక్ రాబిన్సన్ పెట్టాడు, 2011లో ఎరిక్ రీస్ ‘ది లీన్ స్టార్టప్’ పుస్తకంతో ఊరూరా పాకింది. జనం నిజంగా ఏం చేస్తారో తెలుసుకోవడానికి అవసరమైనంత మేరకే కట్టి వాళ్ల చేతికివ్వడం రీస్ చెప్పిన పద్ధతి. తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ రెడ్‌బస్. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకని నిజామాబాద్ కుర్రాడు ఫణీంద్ర సామ, తన మిత్రులతో కలిసి మొదట ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ కట్టాడు. ఆపరేటర్లు దాని మీద ఆసక్తి చూపలేదు. అప్పుడు తిరగేసి, కొన్ని సీట్లు తీసుకుని ప్రయాణికులకు అమ్మిపెట్టడంతో 2006లో మొదలుపెట్టారు. 2013లో ఐబిబో గ్రూప్ ఆ కంపెనీని కొనేసింది. ఆపరేటర్ల సాఫ్ట్‌వేర్ పనిచేయకపోవడం అక్కడ సమస్య కాదు. దాన్ని వాళ్లు కోరుకోలేదు, అంతే. ఆ సంగతి ఏ స్పైకూ చెప్పలేదు.

పాల కేంద్రానికి ఎంవీపీ అంటే యాప్ కూడా అక్కర్లేదు. నలభై మంది రైతుల్ని అడిగి, ఒప్పుకున్నవాళ్ల నంబర్లు తీసుకుని, పుస్తకంలో గుమాస్తా రాసిన అంకెల్ని ఒక మనిషి తన ఫోన్ నుంచి చేత్తో పంపాలి. రోజుకు ఎనభై మెసేజ్‌లు, చాలా ఫోన్ ప్యాక్‌లలో ఉండే రోజుకు వంద హద్దులోనే. పది రోజులు, అంటే ఒక బిల్లు కాలం. ఇదీ టైమ్‌బాక్సే, కాకపోతే దీని కొలత జనం అలవాటును బట్టి వచ్చింది. బిల్లు రోజు రాకముందే ఆపేస్తే గొడవ తగ్గిందో లేదో తేలదు.

దేన్ని చూడాలన్నది మొదటి రోజుకు ముందే కాగితం మీద పెట్టాలి. ‘మెసేజ్ ఎలా ఉంది?’ అని రైతుని అడిగితే ‘బాగుంది బాబూ’ అనే అంటాడు, మన ఊళ్లలో ఎదుటివాడిని చిన్నబుచ్చరు. అందుకని మాటల్ని కాక చేతల్ని లెక్కపెట్టాలి. మెసేజ్‌లు అందిన నలభై మందిలో బిల్లు రోజున అంకెల మీద పేచీ పెట్టినవాళ్లెందరు, గత బిల్లుకు వీళ్లలోనే పెట్టినవాళ్లెందరు? మూడో రోజున కావాలనే ఒక పూట మెసేజ్ ఆపితే ‘రాలేదేం’ అని అడిగినవాళ్లెందరు? పేచీలు సగానికి తగ్గకపోతే ముందుకు పోవద్దని ముందే అనుకుని ఉండాలి. తర్వాత అనుకుంటే ఏ అంకెనైనా విజయమనిపించుకోవచ్చు.

ఎంవీపీ పేరుతో జరిగే మోసాలు రెండు. నలభై ఫీచర్ల జాబితాలో ఇరవై కొట్టేసి మిగిలినదాన్ని ఎంవీపీ అనడం మొదటిది. అది మొదటి విడత కావచ్చు, కానీ దేన్ని తేల్చుకోవడానికి కడుతున్నారో ఎవరూ చెప్పలేరు. రెండోది, ‘ఎంవీపీయే కదా’ అంటూ తప్పుల్ని మన్నించడం. విస్తృతి తగ్గించవచ్చు గానీ లెక్క తప్పకూడదు. నలభై మందికే పంపండి, చేత్తోనే పంపండి, కానీ ఒక్క రైతుకు 286కి బదులు 268 అని వెళ్లిందంటే మీరు పరీక్షిస్తున్న నమ్మకమే పోయింది, ఇక ప్రయోగం చెల్లదు.

అన్ని పనులకూ ఇది కుదరదు. జీఎస్‌టీ ఇన్‌వాయిస్‌లో ఏముండాలో చట్టం రాసి పెట్టింది, దానికి జనం ఇష్టాయిష్టాల పరీక్ష పెట్టడం వృథా. అంతా ముందే రాసివ్వమనే ప్రభుత్వ టెండర్లలో ఎంవీపీకి చోటు దొరకడం కష్టం. అక్కడ టెండర్ వేసేముందే సొంత ఖర్చుతో ఒకటో రెండో స్పైకులు చేసుకోవడం మాత్రం చేతిలో ఉన్న పని.

మన కేంద్రంలో పది రోజులూ గడిచాయనుకుందాం. నలభై మందిలో గత బిల్లుకు పన్నెండు మంది పేచీ పెడితే ఈసారి నలుగురే పెట్టారు. మెసేజ్ ఆపిన పూట అడిగినవాళ్లు తొమ్మిది మంది. మరో తొమ్మిది మంది నంబర్లు ఊళ్లో లేని కొడుకులవో, అల్లుళ్లవో. పాలు పోసేది ఇంటావిడ, ఆమె చూసుకునేది చీటీనే. అంకెలు అనుకున్న హద్దు దాటాయి, కాబట్టి మెసేజ్ ఉంటుంది. అయితే చీటీ తీసేద్దామన్న ఆలోచన రద్దయింది. మిషన్‌ని ట్యాబ్‌కి కలపడం రెండో విడతకు జరిగింది. ఎందుకంటే పేచీలు తగ్గింది గుమాస్తా చేతిరాత అంకెలతోనే. తర్వాతి స్ప్రింట్‌కి ప్రొడక్ట్ ఓనర్ రాసిన మొదటి కార్డు ఇది: ‘కేంద్రంలో ఉన్న చిన్న ప్రింటర్ మీద తెలుగు అక్షరాలు వత్తులతో సహా సరిగ్గా పడతాయా? ఒక మనిషి, ఒక రోజు. పడితే చీటీ తెలుగులో, పడకపోతే అంకెలు మాత్రమే.’